గుత్తి, గొలుసు, జంట: గ్రామ్ పాజిటివ్ కాక్సైని ఒక్క పేజీ పట్టికలోకి తేవడం

ఎంబీబీఎస్ రెండో ఏడాది మైక్రోబయాలజీ నోట్స్ ఎవరివి తెరిచినా ఒకటే వరస. ముందు ఒక సూక్ష్మజీవి పేరు, దాని ఆకారం, కల్చర్, బయోకెమికల్ పరీక్షలు, టాక్సిన్లు, జబ్బులు, ల్యాబ్ నిర్ధారణ, చివర్లో ఒక్క లైను చికిత్స. పేజీ తిప్పితే ఇంకో జీవి, మళ్ళీ అవే శీర్షికలు. చదువుతున్నంతసేపూ ఏదీ కష్టమనిపించదు. వైవాలో మాత్రం "ఇది న్యూమోకాకస్ అంటున్నావు, విరిడాన్స్ కాదని ఎలా చెప్తావు?" అని అడిగేసరికి నోరు పెగలదు. నోట్స్ ఒక్కో జీవి గురించి విడివిడిగా చెప్తాయి. ల్యాబ్‌లోనూ వార్డులోనూ వచ్చే ప్రశ్న మాత్రం ఎప్పుడూ రెండిటి మధ్య తేడా గురించే. పట్టిక పుట్టాల్సింది ఆ ప్రశ్న కోసమే.

విద్యార్థులు తయారుచేసిన పట్టికలు చాలా చూశాను. ఎక్కువ వాటిలో జరిగేది నోట్స్‌ను గడుల్లోకి ఎక్కించడం. స్టెయినింగ్ గడిలో ఏడు వరసల్లోనూ "గ్రామ్ పాజిటివ్ కాక్సై" అని ఏడు సార్లు రాసి ఉంటుంది. చికిత్స గడిలో నాలుగు చోట్ల "పెన్సిలిన్" అని ఉంటుంది. ఏడు వరసల్లోనూ ఒకేలా ఉన్న మాట పోలికకు పనికిరాదు. దాన్ని గడుల్లోంచి తీసి పట్టిక తలకట్టులో ఒక్కసారి రాస్తే చాలు. గడిలో మిగలాల్సింది ఆ జీవిని దాని పక్కింటి జీవి నుంచి విడదీసే సంగతి మాత్రమే.

గ్రామ్ పాజిటివ్ కాక్సై కుటుంబాన్నే తీసుకుందాం. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కుటుంబం లేదనుకుంటాను, ఎందుకంటే ఇందులో ప్రతి జీవికీ దాన్ని తలపించే పక్క జీవి ఒకటి ఉంది.

స్టెయిన్‌తో మొదలుపెడదాం. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ఈ పద్ధతిని ప్రకటించింది బెర్లిన్‌లో, న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కల్లో బ్యాక్టీరియా కనబడేలా చెయ్యాలన్న ప్రయత్నంలో. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్ లేదా అసిటోన్, చివర్లో సాఫ్రనిన్. మందమైన పెప్టిడోగ్లైకాన్ గోడ ఉన్న కణం ఊదా రంగును వదలదు. ఈ కుటుంబంలో అందరూ ఊదా రంగే కాబట్టి, పట్టికలో స్టెయిన్ గడి రంగు గురించి కాకుండా అమరిక గురించి చెప్పాలి. స్టాఫైలోకోకస్ ద్రాక్షగుత్తిలా ఉంటుంది, ఎందుకంటే అది ఒకే దిక్కున కాకుండా పలు దిక్కుల్లో విభజన చెందుతుంది. స్ట్రెప్టోకోకస్ ఒకే దిక్కున చీలుతుంది కాబట్టి గొలుసు అవుతుంది. న్యూమోకాకస్ జంటగా ఉండి, రెండూ ఒక కొస సన్నగా దీపశిఖలా కనిపిస్తాయి, చుట్టూ రంగు పట్టని క్యాప్సూల్ ఖాళీగా తెలుస్తుంది. ఎంటరోకాకస్ జంటలుగా, పొట్టి గొలుసులుగా ఉంటుంది.

ఈ గడి పక్కన ఒక హెచ్చరిక కూడా రాసుకోవాలి. అమరిక నమ్మదగ్గది ద్రవ మాధ్యమం నుంచో, నేరుగా చీము, కఫం నుంచో చేసిన స్మియర్‌లో మాత్రమే. అగార్ మీది కాలనీని స్లైడ్ మీద రుద్దినప్పుడు గొలుసులు తెగి చిన్న ముక్కలవుతాయి, గుత్తులు చెదురుతాయి. రెండు రోజుల పాత కల్చర్ నుంచి తీసినా, రోగి అప్పటికే యాంటీబయాటిక్ తీసుకుని ఉన్నా కణాల గోడ దెబ్బతిని ఊదా బదులు గులాబీ రంగు పట్టవచ్చు. న్యూమోకాకస్‌లో ఇది మరీ తరచు. దీని కారణం కాసేపట్లో మళ్ళీ అవసరపడుతుంది.

తర్వాత కల్చర్. ఇక్కడే పట్టిక గాడి తప్పుతుంది, ఎందుకంటే నోట్స్‌లో ఎక్కువ పేజీలు తినేది ఇదే. న్యూట్రియంట్ అగార్ మీద ఎలా ఉంటుంది, బ్లడ్ అగార్ మీద, మెకాంకీ మీద, ద్రవంలో అంటూ జీవికి పది లైన్లు. నేను ఈ గడిని రెండుగా చీల్చమంటాను. ఒకదానిలో కంటికి కనబడేది, రెండోదానిలో విడదీసే పరీక్ష. మొదటిదానిలో స్టాఫైలోకోకస్ ఆరియస్‌కు "బంగారు పసుపు కాలనీ, బీటా హీమోలిసిస్" అంటే సరిపోతుంది. రెండోదానిలో "క్యాటలేజ్ పాజిటివ్, కోయాగ్యులేజ్ పాజిటివ్".

ఈ కుటుంబంలో అన్నిటికంటే ముందు వచ్చే చీలిక క్యాటలేజ్. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కాలనీని పెడితే స్టాఫైలోకోకస్ బుసబుసా నురగ కక్కుతుంది, స్ట్రెప్టోకోకస్, ఎంటరోకాకస్ ఏమీ చేయవు. అందుకే పట్టికలో వరసల క్రమం కూడా దీని ప్రకారమే ఉండాలి: పైన క్యాటలేజ్ పాజిటివ్‌లు, ఒక గీత, కింద నెగెటివ్‌లు. పాఠం చెప్పిన క్రమమో, అక్షరక్రమమో పాటిస్తే పక్కపక్కన ఉండాల్సినవి దూరమైపోతాయి. ఇంత తేలికైన పరీక్షలోనూ రెండు చోట్ల మోసపోతాం. బ్లడ్ అగార్ మీద నుంచి కాలనీ తీస్తూ అడుగున ఉన్న రక్తాన్ని కూడా గోకితే, ఎర్రరక్తకణాల్లో ఉండే క్యాటలేజ్ నురగ తెప్పిస్తుంది. లోహపు లూప్‌తో కలిపితే కొన్నిసార్లు లోహం వల్లే బుడగలు వస్తాయి, అందుకే చెక్క పుల్లో గాజు కడ్డీనో వాడాలి.

గీత కింద హీమోలిసిస్ చూస్తాం. ఎర్రరక్తకణాలు పూర్తిగా కరిగి చుట్టూ తేటగా ఉంటే బీటా, ఆకుపచ్చ ఛాయ వస్తే ఆల్ఫా, ఏమీ లేకపోతే గామా. బీటా జట్టులో స్ట్రెప్టోకోకస్ పయోజినిస్, అగలాక్టియే ఉన్నాయి. వీటిని బాసిట్రాసిన్ విడదీస్తుంది: 0.04 యూనిట్ల డిస్క్‌కు పయోజినిస్ లొంగుతుంది, అగలాక్టియే లొంగదు. పైగా అగలాక్టియే క్యాంప్ పరీక్షలో పాజిటివ్, అంటే స్టాఫైలోకోకస్ గీతకు అడ్డంగా దాన్ని గీస్తే రెండూ కలిసే చోట హీమోలిసిస్ బాణం మొనలా పెరుగుతుంది.

ఆల్ఫా జట్టులో న్యూమోకాకస్, విరిడాన్స్. ఇక్కడ ఒక్క కారణం మూడు గడులను కలుపుతుంది, అదే ఇందాక దాచిపెట్టిన సంగతి. న్యూమోకాకస్‌లో తన గోడను తానే కరిగించుకునే ఆటోలైసిన్ అనే ఎంజైమ్ ఉంది. కాలనీ ముదిరేకొద్దీ మధ్యలో ఉన్న పాత కణాలు కరిగిపోయి నడుమ పల్లంగా, అంచు ఎత్తుగా మారుతుంది. మన పాఠ్యపుస్తకాలు దాన్ని క్యారమ్స్ కాయిన్‌తో పోలుస్తాయి. పిత్త లవణాలు కలిపితే అదే ఎంజైమ్ చురుకై మొత్తం కల్చరే తేటపడుతుంది, అదే బైల్ సాల్యుబిలిటీ పరీక్ష. పాత కల్చర్‌లో గ్రామ్ రంగు తప్పడానికీ ఇదే మూలం. నోట్స్‌లో మూడు చోట్ల, మూడు వేర్వేరు వాస్తవాలుగా ఉన్నవి పట్టికలో ఒకే మాట కింద చేరితే బట్టీ పట్టాల్సిన పని మూడో వంతు అవుతుంది. ఆప్టోచిన్ డిస్క్ మాత్రం వేరే సంగతి: 5 మైక్రోగ్రాముల, 6 మిల్లీమీటర్ల డిస్క్ చుట్టూ 14 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి జోన్ వస్తే న్యూమోకాకస్. 7 నుంచి 13 మధ్య వస్తే అప్పుడే తేల్చేయకూడదు, బైల్ సాల్యుబిలిటీతో సరిచూడాలి. ప్లేటును కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిలో ఇంక్యుబేట్ చేయాలన్నది కూడా ఇక్కడే రాసుకోవాలి, ఎందుకంటే జోన్ కొలతలు ఆ స్థితికే వర్తిస్తాయి.

ఎంటరోకాకస్ గురించి క్లుప్తంగా: బైల్ ఎస్క్యులిన్‌ను నల్లబరుస్తుంది, 6.5 శాతం ఉప్పులోనూ పెరుగుతుంది, మెకాంకీ మీద చిన్న ముదురు గులాబీ చుక్కల్లా కనిపిస్తుంది. పేగుల్లో పిత్తరసం మధ్య బతికే జీవి కాబట్టి ఈ ఓర్పు.

ఇప్పుడు జబ్బులు, మందులు. ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెప్పాలి: "జబ్బులు" అని ఒక గడి, "మొదటి మందు" అని ఇంకో గడి పెట్టకండి. మందు జీవికి చెందదు. ఏ జీవి, శరీరంలో ఏ చోట, ఏ జబ్బుగా బయటపడింది అన్నదానికి చెందుతుంది. రెండు గడులుగా రాస్తే స్టాఫైలోకోకస్ ఆరియస్ ఎదురుగా ఎడమవైపు సెగగడ్డ, ఎముక ఇన్ఫెక్షన్, గుండె కవాటాల ఇన్ఫెక్షన్, ఫుడ్ పాయిజనింగ్ అని నాలుగు జబ్బులూ, కుడివైపు క్లాక్సాసిలిన్, వాంకోమైసిన్ అని రెండు మందులూ ఉంటాయి. వాటిలో దేనికి ఏది అన్నది పట్టిక చెప్పదు, విద్యార్థి ఊహిస్తాడు.

నిజానికి ఆ నాలుగూ నాలుగు దారులు. చీము పట్టిన సెగగడ్డకు మొదటి చికిత్స కోసి చీము తీయడం, మందు దాని తర్వాత. ఫుడ్ పాయిజనింగ్‌లో ఆహారంలోనే తయారై ఉన్న టాక్సిన్ తిన్న 1 నుంచి 6 గంటల్లో వాంతులు తెప్పిస్తుంది, అక్కడ చంపాల్సిన బ్యాక్టీరియా లేదు కాబట్టి యాంటీబయాటిక్ అక్కర్లేదు, నీళ్ళు, లవణాలు అందిస్తే చాలు. ఎముకలోనో రక్తంలోనో ఉన్న ఇన్ఫెక్షన్ అయితే ముందు ఇది మెథిసిలిన్‌కు లొంగేదా, లొంగనిదా అని తేలాలి. ల్యాబ్‌లో దీనికి సెఫాక్సిటిన్ 30 మైక్రోగ్రాముల డిస్క్ వాడతారు. జోన్ 21 మిల్లీమీటర్లు లేదా తక్కువైతే లొంగనిది, అంటే ఎంఆర్ఎస్ఎ. లొంగేదైతే క్లాక్సాసిలిన్ లేదా సెఫజోలిన్, లొంగనిదైతే వాంకోమైసిన్. లొంగేదానికి కూడా "బలమైన మందు కదా" అని వాంకోమైసిన్ కొనసాగించడం తప్పు, ఆ స్థితిలో బీటా లాక్టమ్ మందులే దానికంటే బాగా పనిచేస్తాయి.

పయోజినిస్‌కు పెన్సిలిన్ అన్నది ఇప్పటికీ నిలబడే మాట. అయినా ఇక్కడా జబ్బును బట్టి మారుతుంది. గొంతు ఇన్ఫెక్షన్‌కు పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ 10 రోజులు. రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గినా మిగతా రోజులూ వాడాలి, ఎందుకంటే గొంతులోంచి జీవిని పూర్తిగా తుడిచేసి రుమాటిక్ జ్వరం రాకుండా ఆపడమే ఆ 10 రోజుల ఉద్దేశం. రుమాటిక్ జ్వరం వచ్చేసినవారికి బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ 3 లేదా 4 వారాలకోసారి, ఏళ్ళ తరబడి. చర్మం కింది కండపొరలు కుళ్ళే నెక్రొటైజింగ్ ఫాసియైటిస్‌లో సర్జరీతోపాటు పెన్సిలిన్‌కు క్లిండమైసిన్ జోడిస్తారు. క్లిండమైసిన్ ప్రోటీన్ తయారీని ఆపుతుంది కాబట్టి టాక్సిన్ ఉత్పత్తి తగ్గుతుంది. ఈ కారణాన్ని గడిలో రెండు మాటల్లో రాసుకుంటే ఎందుకు జోడించారో మర్చిపోరు.

ఇవన్నీ కలిపితే పేజీ ఇలా వస్తుంది. తలకట్టు: అందరూ ఊదా రంగు, అందరూ గుండ్రం.

| జీవి | అమరిక | కంటికి కనబడేది | విడదీసే పరీక్ష | జబ్బు: మొదటి చికిత్స |
|---|---|---|---|---|
| స్టాఫ్. ఆరియస్ | గుత్తులు | బంగారు పసుపు, బీటా | క్యాటలేజ్ +, కోయాగ్యులేజ్ + | సెగగడ్డ: చీము తీయడం. రక్తం, ఎముక: క్లాక్సాసిలిన్, ఎంఆర్ఎస్ఎ అయితే వాంకోమైసిన్. ఫుడ్ పాయిజనింగ్: యాంటీబయాటిక్ వద్దు |
| స్టాఫ్. ఎపిడెర్మిడిస్ | గుత్తులు | తెలుపు | కోయాగ్యులేజ్ −, నోవోబయోసిన్‌కు లొంగుతుంది | క్యాథెటర్, కృత్రిమ కవాటం: పరికరం గురించి నిర్ణయం, వాంకోమైసిన్ |
| స్ట్రెప్. పయోజినిస్ | గొలుసులు | చిన్న కాలనీ, చుట్టూ వెడల్పు బీటా | క్యాటలేజ్ −, బాసిట్రాసిన్‌కు లొంగుతుంది | గొంతు: పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ 10 రోజులు. ఫాసియైటిస్: సర్జరీ, పెన్సిలిన్, క్లిండమైసిన్ |
| స్ట్రెప్. అగలాక్టియే | గొలుసులు | సన్నని బీటా | క్యాంప్ + | పుట్టిన శిశువు సెప్సిస్: యాంపిసిలిన్, జెంటామైసిన్ |
| న్యూమోకాకస్ | దీపశిఖ జంటలు | ఆల్ఫా, నడుమ పల్లం | ఆప్టోచిన్‌కు లొంగుతుంది, బైల్‌లో కరుగుతుంది | న్యుమోనియా, మెనింజైటిస్: వేర్వేరు, కింద చూడండి |
| విరిడాన్స్ | గొలుసులు | ఆల్ఫా, నడుమ పల్లం లేదు | ఆప్టోచిన్‌కు లొంగదు | కవాట ఇన్ఫెక్షన్: పెన్సిలిన్ లేదా సెఫ్ట్రయాక్సోన్, 4 వారాలు |
| ఎంటరోకాకస్ | జంటలు, పొట్టి గొలుసులు | ఎక్కువగా గామా | బైల్ ఎస్క్యులిన్ +, 6.5% ఉప్పులో పెరుగుతుంది | యాంపిసిలిన్. వాంకోమైసిన్‌కు లొంగని విఆర్ఇ అయితే లినెజోలిడ్ |

ఎంటరోకాకస్ వరసలో ఒక నిశ్శబ్దం ఉంది, గమనించాలి. అక్కడ సెఫలోస్పోరిన్ లేదు. ఈ జీవి సహజంగానే వాటికి లొంగదు. జ్వరమనగానే సెఫ్ట్రయాక్సోన్ మొదలుపెట్టిన రోగి మూత్రంలో ఎంటరోకాకస్ పెరిగితే, ఆ మందు దానికి ఏమీ చెయ్యడం లేదని అర్థం. గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌లో యాంపిసిలిన్‌తో పాటు సెఫ్ట్రయాక్సోన్ కలిపి ఇచ్చే పద్ధతి ఉంది, అక్కడ రెండూ కలిసి గోడ తయారీలో వేర్వేరు ప్రోటీన్లను పట్టుకుంటాయి కాబట్టి పనిచేస్తుంది. ఒంటరిగా ఇస్తే పనిచేయదు.

ఇక న్యూమోకాకస్ గడిని "కింద చూడండి" అని ఎందుకు వదిలేశానో ఒక కేసుతో చెప్తాను. ఇది నేను పాఠం కోసం అల్లుకున్న కేసు.

యాభై అయిదేళ్ళ వ్యక్తి. మూడు రోజులుగా చలితో జ్వరం, ఊపిరి పీలిస్తే కుడి పక్క పోటు, తుప్పు రంగు కఫం. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లబడింది. కఫం స్మియర్ చూసే ముందు అది కఫమా, ఉమ్మా అన్నది తేల్చుకోవాలి. లో పవర్‌లో ఒక ఫీల్డులో నోటి పొర కణాలు 10 కంటే తక్కువ, చీము కణాలు దండిగా ఉంటే అది లోపలి నుంచి వచ్చిన కఫమే. అలాగే ఉంది. దీపశిఖ జంటలు కనిపించాయి. మర్నాడు బ్లడ్ అగార్ మీద ఆకుపచ్చ ఛాయ, నడుమ పల్లం. క్యాటలేజ్ నెగెటివ్, ఆప్టోచిన్ జోన్ 16 మిల్లీమీటర్లు. పట్టికలో వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి నడిస్తే ఒకే వరస మిగులుతుంది. రక్తం కల్చర్‌లోనూ అదే పెరిగింది.

పెన్సిలిన్ ఎంఐసి 1 అని రిపోర్టు వచ్చింది, అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే దాని పెరుగుదల ఆగుతుంది. లొంగుతుందా, లొంగదా? 2008లో అమెరికా సంస్థ సిఎల్ఎస్ఐ ఈ హద్దులను జబ్బును బట్టి విడదీసింది. న్యుమోనియాలాంటి వాటికి ఇంజెక్షన్ పెన్సిలిన్ ఇచ్చేటప్పుడు 2 దాకా లొంగేదే, 8 నుంచి లొంగనిది. మెనింజైటిస్‌లో 0.06 దాకా లొంగేది, 0.12 నుంచి లొంగనిది. మెదడు చుట్టూ ఉన్న ద్రవంలోకి పెన్సిలిన్ తక్కువగా వెళ్తుంది కాబట్టి హద్దు అంత కిందికి జరిగింది. మన రోగికి 1, ఊపిరితిత్తుల్లో ఉన్నంతవరకూ లొంగేదే. ఇంజెక్షన్ పెన్సిలిన్ చాలు.

రెండో రోజు సాయంత్రం ఆయనకు తలనొప్పి, మాట తడబాటు, మెడ బిగుసుకుపోయింది. వెన్నునుంచి తీసిన ద్రవం మసగ్గా వచ్చింది, అందులోనూ అవే జంటలు. జీవి మారలేదు, ఎంఐసి 1 మారలేదు. కానీ అదే అంకె ఇప్పుడు "లొంగనిది". మెనింజైటిస్ అనుమానం వచ్చిన క్షణంలోనే సెఫ్ట్రయాక్సోన్ 2 గ్రాములు 12 గంటలకోసారి, దానితో వాంకోమైసిన్ మొదలుపెడతారు. డెక్సామెథసోన్‌ను మొదటి యాంటీబయాటిక్ మోతాదుకు ముందో, దానితోపాటో ఇస్తారు. సెఫ్ట్రయాక్సోన్ ఎంఐసి వచ్చి, అది మెనింజైటిస్ హద్దులో లొంగేదని తేలితే వాంకోమైసిన్ ఆపుతారు.

అందుకే న్యూమోకాకస్ వరసలో ఒక గడిని రెండుగా కోయాలి. పైన "న్యుమోనియా: పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్, హద్దు 2". కింద "మెనింజైటిస్: సెఫ్ట్రయాక్సోన్, వాంకోమైసిన్, డెక్సామెథసోన్, హద్దు 0.06". వాంకోమైసిన్ పక్కన "రిపోర్టు దాకా" అని రాసుకోవాలి. ఎందుకు రాశానో అడిగితే ఈ రోగి గుర్తుకు రావాలి.

చికిత్స గడిని పెన్సిల్‌తో రాయమంటాను. అమరిక, క్యాటలేజ్ మీరు ప్రాక్టీసు చేసినన్నాళ్ళూ మారవు, వాటిని పెన్నుతో రాసుకోండి. ఏ మందు మొదట అన్నది మాత్రం మీ ఆసుపత్రిలో ఏ జీవి ఎంత లొంగుతోందో చూపే యాంటీబయోగ్రామ్‌ను బట్టీ, ఐసీఎంఆర్ ప్రకటించే మార్గదర్శకాలను బట్టీ మారుతుంది. పెన్సిలిన్ అలర్జీ ఉన్న రోగికి ఆ గడి అసలే వర్తించదు, దానికి పక్కన చిన్న అక్షరాల్లో ఒక ప్రత్యామ్నాయం ఉండాలి. పరీక్షకు చదివిన పట్టికను తర్వాతి రోజు వార్డులోకి పట్టుకెళ్ళేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.

పట్టిక పూర్తయ్యాక ఎడమవైపు జీవుల పేర్లను కాగితంతో కప్పి, ఏదో ఒక వరసను ఎడమ నుంచి కుడికి ఒక్కో గడి చదువుతూ రండి. ఏ గడి దగ్గర జీవి తేలిందో అక్కడ ఒక చుక్క పెట్టండి. ఏడు వరసలకూ అలా చేశాక చుక్కలన్నీ విడదీసే పరీక్ష గడిలోనో, దానికి ముందో పడాలి. ఎక్కడైనా చికిత్స గడి దాకా వెళ్ళాకే జీవి తెలిస్తే, ఆ వరసలో రెండు జీవులను విడదీసే పరీక్ష ఇంకా నోట్స్‌లోనే మిగిలిపోయిందన్నమాట. వెనక్కి వెళ్ళి దాన్ని వెతికి తెచ్చుకోవాలి.